డాలర్లు, యెన్లు, దినార్లు ఒకే బిల్లులో ఉంటే మొత్తం ఎలా వేయాలి

అందరికీ నమస్కారం. ఇక్కడున్న వారిలో చాలామంది చిన్న వ్యాపారాల లెక్కలు చూసేవారు కాబట్టి, నేరుగా ఒక బిల్లుతోనే మొదలుపెడదాం.

ఒక ఫోటో స్టూడియో కొత్త సామాను ధరలు సేకరించింది. కెమెరా బాడీ అమెరికాలో 640 డాలర్లు. ఫిల్టర్ల సెట్టు ఇంగ్లండులో 38.50 పౌండ్లు. వాడిన లెన్సు జపానులో 48,000 యెన్లు. ట్రైపాడ్ కువైట్‌లో ఉన్న బంధువు తెస్తానన్నారు, అక్కడ దాని ధర 12.750 దినార్లు. బ్యాగు మన ఊళ్లోనే 5,400 రూపాయలు. ఈ అయిదు ధరలనూ ఎక్సెల్‌లో ఒకే కాలమ్‌లో వేసి, కింద SUM పెడితే 54,091.25 వస్తుంది.

ఆ సంఖ్యను ఒకసారి జాగ్రత్తగా చూడండి. అదేదో కోటి రూపాయలని చూపిస్తే ఎవరైనా ఆగి చూస్తారు. ఇది మాత్రం స్టూడియో సామానుకు నమ్మదగిన ధరలాగానే ఉంది. కాసేపట్లో చెప్పే రేట్ల ప్రకారం మార్చితే అసలు మొత్తం రూ. 95,483.75. అంటే బడ్జెట్ సుమారు 41 వేలు తక్కువగా వేసుకున్నట్టు. సెల్‌లో $ గుర్తు, ¥ గుర్తు కనిపిస్తున్నాయి కదా, ఎక్సెల్‌కు ఆ తేడా తెలియదా అని అడుగుతారు. తెలియదు. ఆ గుర్తు సెల్‌కు మనం పెట్టిన ఫార్మాట్ మాత్రమే. లోపల ఉండేది వట్టి 640, వట్టి 48000. SUM వాటినే కూడుతుంది.

కాబట్టి కూడిక అన్నింటికన్నా చివర జరగాలి. ముందు ప్రతి వరుసనూ రూపాయల్లోకి మార్చాలి, ఆ మారిన కాలమ్‌నే కూడాలి. మాట చిన్నదే. తప్పులన్నీ ఆ మార్చే చోటే జరుగుతాయి, అందుకే అక్కడ కాసేపు ఆగుదాం.

గుర్తులతో కాకుండా మూడక్షరాల కోడ్‌లతో రాయడం మొదలుపెట్టండి. $ అంటే అమెరికా డాలరే కానక్కర్లేదు, సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా డాలర్లకూ అదే గుర్తు. ¥ జపాను యెన్‌కూ చైనా యువాన్‌కూ ఉమ్మడి. USD, SGD, AUD, JPY, CNY అని రాస్తే ఆ గందరగోళం ఉండదు. షీట్‌లో A కాలమ్‌లో వస్తువు పేరు, B లో అంకె మాత్రమే, C లో కోడ్. B లో "12.750 KD" అని కలిపి రాయొద్దు, అలా రాసిన సెల్ అంకె కాదు, అక్షరాలు.

రేట్లకు Rates అనే వేరే షీట్ పెట్టండి. అందులో మూడు కాలమ్‌లు: కోడ్, ఎన్ని యూనిట్లకు, ఎన్ని రూపాయలు. రెండు షీట్లలోనూ మొదటి వరుస కాలమ్ పేర్లకే, వివరాలు రెండో వరుస నుంచి. నేను ఇప్పుడు వాడుతున్న రేట్లు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి తీసుకున్నవి, ఈ రోజు మార్కెట్ రేట్లు కావు.

```
INR    1      1
USD    1     85
GBP    1    112
JPY  100     58
KWD    1    277
```

రెండో కాలమ్ ఎందుకంటే, యెన్ కోసం. మన దేశంలో ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ఇచ్చే రిఫరెన్స్ రేటులో డాలర్, పౌండ్, యూరో ఒక్కొక్క యూనిట్‌కు ఉంటాయి, యెన్ మాత్రం వంద యెన్లకు ఉంటుంది. దిగుమతులకు కస్టమ్స్ వాళ్లు ప్రకటించే పట్టికలోనూ అంతే, యెన్ వందకు. 58 అని చూసి దాన్ని ఒక్క యెన్ ధర అనుకుంటే, 48,000 యెన్ల లెన్సు 27,84,000 రూపాయలవుతుంది. అంత పెద్ద తప్పు వెంటనే కంటబడుతుంది, అది ఒక రకంగా నయం. చిక్కంతా 350 యెన్ల లెన్సు మూత లాంటి చిన్న వస్తువుతో. 203 రూపాయలు రావలసిన చోట 20,300 వచ్చి, పెద్ద బిల్లులో కలిసిపోతుంది. వందను మనసులో గుర్తుపెట్టుకోవడం కాదు, షీట్‌లో ఒక కాలమ్‌గా రాసి ఉంచడమే మందు.

మారకం దిశ కూడా ఇక్కడే తేల్చుకోవాలి. "ఒక డాలర్‌కు 85 రూపాయలు" అని రాయొచ్చు, "ఒక రూపాయికి 0.0118 డాలర్" అని కూడా రాయొచ్చు. రెండో రకం తీసుకుంటే గుణించకూడదు, భాగించాలి. పొరపాటున గుణిస్తే కెమెరా 7 రూపాయల 55 పైసలకు దిగుతుంది. సరిగ్గా భాగించినా ఇంకో నష్టం ఉంది. 1ని 85తో భాగిస్తే 0.0117647 వస్తుంది, దాన్ని నాలుగు స్థానాలకు కుదిస్తే 0.0118. 640ని దానితో భాగిస్తే 54,237.29 వస్తుంది, అసలైన 54,400 కాదు. ఒక్క వస్తువు మీదే రూ. 162.71 తేడా. అందుకే పట్టిక మొత్తం ఒకే దిశలో ఉంచండి: విదేశీ కరెన్సీకి ఎన్ని రూపాయలు.

ఇక ఫార్ములా. D2 లో ఇది రాసి కిందికి లాగండి:

```
=ROUND(B2*VLOOKUP(C2,Rates!$A$2:$C$6,3,FALSE)
  /VLOOKUP(C2,Rates!$A$2:$C$6,2,FALSE),2)
```

మొదటి VLOOKUP రేటు తెస్తుంది, రెండోది ఎన్ని యూనిట్లకో తెస్తుంది. మన అయిదు వరుసలు వరుసగా 54,400.00, 4,312.00, 27,840.00, 3,531.75, 5,400.00 అవుతాయి. వాటిని SUM చేస్తే 95,483.75.

ఆ FALSE అనే మాట వదిలేస్తే ఏమవుతుందో చెప్పి తీరాలి. దాన్ని రాయకపోతే ఎక్సెల్ ఆ పట్టిక అక్షర క్రమంలో ఉందనుకుని, మధ్య నుంచి వెతుకుతుంది. మన పట్టిక ఆ క్రమంలో లేదు. USD కోసం వెతికితే మధ్యలో GBP కనిపిస్తుంది, USD దాని తర్వాతి అక్షరం కనుక కిందికి వెళుతుంది, JPY, KWD కూడా దాటుకుని చివరి వరుస దగ్గర ఆగి, దినార్ రేటు 277 పట్టుకొస్తుంది. కెమెరా 1,77,280 రూపాయలవుతుంది. INR కోసం వెతికితే GBP దాటి JPY దగ్గర వెనక్కి తిరిగి, పౌండ్ రేటు 112 తెస్తుంది. మన ఊరి బ్యాగు 6,04,800. పౌండ్, యెన్, దినార్ వరుసలు మాత్రం సరిగ్గానే వస్తాయి. అయిదింటిలో మూడు కరెక్టుగా ఉండటం వల్ల ఫార్ములా బాగానే ఉందన్న నమ్మకం కుదురుతుంది, ఎర్రర్ ఏదీ కనిపించదు. ఈ ఒక్క మాట మరిచిపోవడం వల్ల వచ్చే తప్పు నా దృష్టిలో మిగతా అన్నింటికన్నా ప్రమాదకరం.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి #N/A. కోడ్ పట్టికలో లేకపోయినా, "USD" తర్వాత కంటికి కనిపించని ఖాళీ ఒకటి ఉన్నా ఇది వస్తుంది. అప్పుడు కింది మొత్తం కూడా #N/A అవుతుంది. చూడ్డానికి బాగాలేదని చాలామంది IFERROR పెట్టి సున్నా వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. సున్నా వేస్తే ఆ వస్తువు మొత్తంలోంచి చప్పుడు లేకుండా తప్పుకుంటుంది. #N/A కనబడనివ్వండి, పట్టికలో రేటు చేర్చండి, లేదా కోడ్ సెల్‌లో ఖాళీ తీసేయండి. C2 బదులు TRIM(C2) రాస్తే ముందూ వెనకా ఉన్న ఖాళీలను అదే తీసేస్తుంది.

ROUND ఎందుకు పెట్టామో చూద్దాం. 1.99 డాలర్ల మెమరీ కార్డు కవర్లు మూడు, మూడు వేర్వేరు వరుసల్లో ఉన్నాయనుకోండి, రేటు 85.37. ఒక్కొక్కటి 169.8863. సెల్‌లో రెండు స్థానాలే చూపిస్తే మూడు చోట్లా 169.89 కనిపిస్తుంది, కూడితే 509.67 రావాలి. కానీ ROUND లేకపోతే ఎక్సెల్ లోపలున్న పూర్తి అంకెలను కూడి 509.66 చూపిస్తుంది. ప్రింటు తీసి క్యాలిక్యులేటర్‌తో సరిచూసే వ్యక్తికి ఒక పైసా తేడా వస్తుంది, ఇక బిల్లంతా అనుమానమే. ప్రతి వరుసనూ పైసలకు కుదించి తర్వాత కూడితే కాగితం మీది అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతాయి. అయితే కుదించేది రూపాయల్లోకి మార్చాకే. కువైట్ దినార్‌కు వెయ్యి ఫిల్సులు, దాని ధర మూడు దశాంశ స్థానాలతో రాస్తారు. 4.375 దినార్లను ముందే 4.38 చేస్తే, 277 రేటుకు రూపాయి 38 పైసలు దాటి తేడా పడుతుంది.

సరిచూసుకోవడానికి ఇంకో దారిలో అదే మొత్తం వేయండి. కరెన్సీ వారీగా ముందు కూడి, ఆ చిన్న మొత్తాలను మార్చి, మళ్లీ కూడడం. ఒకే కరెన్సీలో ఉన్నవాటిని మార్చకుండా కూడవచ్చు కదా:

```
=SUMPRODUCT(SUMIF(C2:C6,Rates!A2:A6,B2:B6),
  Rates!C2:C6/Rates!B2:B6)
```

మన బిల్లుకు ఇదీ 95,483.75 ఇవ్వాలి. ఇందులో VLOOKUP లేదు కాబట్టి FALSE మరిచిన తప్పు ఇక్కడ దొరికిపోతుంది. వరుసకు అర పైసా చొప్పున చిన్న తేడా రావచ్చు, అది రౌండింగ్ వల్ల. అంతకు మించితే వెతకాలి. ఒక హద్దు మాత్రం ఉంది: రేటు పట్టికే తప్పయితే రెండు దారులూ ఒకే తప్పు మొత్తం ఇస్తాయి. పట్టికను కళ్లతోనే చూడాలి. రూపాయలను యూనిట్లతో భాగిస్తే ఒక్క యెన్ రూపాయిలోపే ఉండాలి, దినార్ అన్నింటికన్నా పెద్దదిగా ఉండాలి.

చివరగా తేదీ. కొటేషన్లను పోల్చేటప్పుడు అన్నింటికీ ఒకే రోజు రేటు వాడండి, లేకపోతే మీరు పోల్చేది ధరలను కాదు, రేట్ల కదలికను. కొనడం అయిపోయిన బిల్లులకు మాత్రం ఏ బిల్లుకు ఆ బిల్లు తేదీ రేటు కావాలి. అప్పుడు Rates షీట్‌లో తేదీ కాలమ్ చేరుతుంది, ఇందాకటి కరెన్సీ వారీ సరిచూపు పనిచేయదు, ఎందుకంటే రెండు డాలర్ బిల్లులకు రెండు రేట్లు. కార్డుతో చెల్లించి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడిన రూపాయలనే రాయండి, అందులో బ్యాంకు మార్కప్ కూడా కలిసి ఉంటుంది, ఏ రిఫరెన్స్ రేటుతోనూ అది సరిపోదు. జీఎస్టీ విలువ కట్టేటప్పుడు వస్తువులకు కస్టమ్స్ ప్రకటించిన రేటే వాడాలని నియమం, సేవలకు అకౌంటింగ్ సూత్రాల ప్రకారం సరఫరా తేదీ నాటి రేటు.

మొత్తం ఉన్న సెల్ పక్కనే రేట్ల తేదీ, అవి ఎక్కడివి అన్నది ఒక లైను రాసి ఉంచండి. మూడు నెలల తర్వాత అదే ఫైలు తెరిచి ఎవరైనా Rates షీట్‌లో కొత్త రేట్లు వేస్తే పాత మొత్తం కూడా మారిపోతుంది. ఖరారైన బిల్లు అయితే D కాలమ్‌ను కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో విలువలుగా అక్కడే అతికించి, ఆ తర్వాతే ఫైలును పక్కన పెట్టండి.