జంప్ మ్యాట్ రివ్యూ: ఎగిరే ముందు టక్కున దిగితే ఎత్తు ఎందుకు పెరుగుతుంది?

హాయ్ అండి, ఎగిరినప్పుడు పాదాలు గాల్లో ఉన్న టైమ్ కొలిచే ఈ జంప్ మ్యాట్‌ని కంపెనీ వాళ్లే ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు, ముందే చెప్పేస్తున్నా. సైజు, బ్యాటరీ, రేటు మీరు ఈపాటికే చూసేసుంటారు, అటు పోను. నాకు బాగా నచ్చింది ఒక్కటే, రెండు రకాల జంప్‌లు పక్కపక్కన పెట్టి చూపించే స్క్రీన్.

మొదటి జంప్‌లో మోకాళ్లు వంచి కిందకి దిగి, అక్కడే 3 సెకన్లు కదలకుండా ఆగి ఎగరాలి. రెండోదాంట్లో నిలబడ్డవాళ్లం టక్కున దిగి ఆగకుండా లేచిపోవాలి. రెండిట్లోనూ చేతులు నడుం మీదే. నేను ఆగి ఎగిరితే గాల్లో 0.50 సెకను, దిగి లేస్తే 0.53. ఆ టైమ్‌ని దాంతోనే గుణించి, మళ్లీ 9.81తో గుణించి, 8తో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది, అంటే నాకు 30.7, 34.4 సెంటీమీటర్లు. అవే కాళ్లు, దాదాపు 4 సెంటీమీటర్లు ఎక్కువ!

కండరం ముందు సాగి వెంటనే ముడుచుకోవడాన్ని స్ట్రెచ్ షార్టెనింగ్ సైకిల్ అంటారు. నేను వాలీబాల్ ఆడే రోజుల్లో దీన్ని స్ప్రింగ్ లాంటిదని చెప్పేవాళ్లు, నేనూ ఏళ్ల తరబడి అదే నమ్మాను. సాగిన టెండన్ కొంత శక్తి దాచుకుని తిరిగి ఇచ్చేమాట నిజమే, కానీ ఇలా నిలబడి ఎగిరే జంప్‌లో అసలు కారణం టైమ్ అని 1996లో బాబర్ట్, ఆయన తోటి పరిశోధకులు చూపించారు. కండరం స్విచ్ వేయగానే ఫుల్ ఫోర్స్‌కి రాదు. ఆగి ఎగిరినప్పుడు కాళ్లు మన బరువు మోసేంత ఫోర్స్‌తోనే మొదలవుతాయి, అది పెరిగేలోపే మోకాళ్లు కొంతవరకు చాచుకుపోతాయి, ఆ దూరం వేస్ట్. అదే దిగి లేస్తే, కిందకి పోతున్న ఒంటిని ఆపడానికే కాళ్లు గట్టిగా బ్రేక్ వేయాలి కదా, దాంతో అడుగుకి చేరేసరికే ఫోర్స్ మన బరువుని బాగా దాటేసి ఉంటుంది, ఇక పైకి లేచే మొదటి సెంటీమీటర్ నుంచే గట్టి తోపు దొరుకుతుంది. మెల్లగా దిగితే ఆ బ్రేక్ అవసరం పడదు, అడుగున ఆగితే వచ్చిన ఫోర్స్ పడిపోతుంది.

నాకు చిరాకు తెప్పించింది కూడా ఇక్కడే. సాయంత్రం గ్రౌండ్‌లో ఒక కుర్రాడికి రెండు జంప్‌లూ ఒకే ఎత్తు చూపించింది, వీడికి దిగడం వల్ల లాభమే లేదా అనుకున్నా. పక్కనుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూస్తే, 3 సెకన్లు ఆగాక ఎగిరే ముందు నడుం ఇంకొంచెం కిందకి జారుతోంది, అంటే అదీ దిగి లేచే జంపే అయిపోతోంది. పాదాలు లేవలేదు కాబట్టి మ్యాట్‌కి అది తెలీదు. ఎగిరాక మోకాళ్లు ముడుచుకుని మ్యాట్ మీద వాలినా గాల్లో టైమ్ పెరిగి ఎత్తు తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, దానికీ వార్నింగ్ లేదు. నా పాత పద్ధతిలో, గోడ మీద సుద్దముక్క గుర్తుతో, ఈ రెండో గోల ఉండేది కాదు.

అయినా నేను ఉంచుకుంటున్నా, ఆ రెండు జంప్‌ల స్క్రీన్ కోసమే. మీరు కొంటే మాత్రం పక్కన ఫోన్‌కి ఒక స్టాండ్ పెట్టుకోండి, నడుం జారిన ప్రతి జంప్‌నీ డిలీట్ చేసి మళ్లీ ఎగరమనండి.