చివరి వాక్యంలోని ప్రశ్న

మిత్రులారా,

ఏదో ఒక గ్రూపులో పోస్టులు రాసే బాధ్యత మీలో చాలామందికి ఉంది కనుక, ఈ రోజు క్యాప్షన్‌లోని ఒక్క వాక్యం గురించి మాత్రమే మాట్లాడతాను. అది చివరి వాక్యం, అంటే సభ్యులను మాట్లాడమని పిలిచే ప్రశ్న.

ముందు ఎర సంగతి చెప్పుకుందాం. కామెంట్లు, షేర్లు, రియాక్షన్లు, ట్యాగులు, ఓట్లు రాబట్టడానికే రాసే పోస్టులకు ఫీడ్‌లో ప్రాధాన్యం తగ్గిస్తామని 2017 డిసెంబరులో ఫేస్‌బుక్ ప్రకటించింది. 'అవును అయితే కామెంట్ చేయండి', 'ఇలాంటి మిత్రుణ్ణి ట్యాగ్ చేయండి' అనే ధోరణి ఈ కోవలోకి వస్తుంది. అయితే సహాయం, సలహా, సిఫారసు కోరే పోస్టులకు ఇది వర్తించదని అదే ప్రకటనలో ఉంది. ఈ మినహాయింపులోనే మనకు కావలసిన గీత కనిపిస్తుంది. సమాధానం అవసరమై అడిగితే అది ప్రశ్న, కామెంట్ల సంఖ్య అవసరమై అడిగితే అది ఎర.

ఎరను గుర్తుపట్టడం కష్టం కాదు. కష్టమంతా ఎర కాకపోయినా ప్రశ్న కూడా కాని వాక్యాలతోనే వస్తుంది. 'మీరేమంటారు?', 'మీ అభిప్రాయం చెప్పండి' అనేవి అలాంటివి. వీటిలో మోసమేమీ లేదు, కానీ చదివినవారికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. జవాబు తన దగ్గరే ఉంచుకుని అడిగే ప్రశ్న మరో రకం. 'మొక్కకు నీళ్లు సమంగా అందాలని మీకు తెలుసా?' అన్నప్పుడు సభ్యుడు పరీక్ష రాస్తున్నట్టు భావిస్తాడే తప్ప తన అనుభవాన్ని బయటపెట్టడు. అందువల్ల ప్రశ్న రాయగానే నన్ను నేను ఒక్క మాట అడుగుతాను: దీనికి మంచి జవాబు వస్తే రేపు నేను చేసే పనిలో ఏమి మారుతుంది? ఏమీ మారదని తేలితే ఆ ప్రశ్నను తీసేస్తాను. ప్రశ్న లేని క్యాప్షన్‌కు ఏ లోపమూ లేదు, ప్రతి పోస్టుకూ చివర ప్రశ్న తగిలించడమే అసలు లోపం.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. కుండీల్లో కూరగాయలు పెంచేవారి గ్రూపు ఒకటి ఉందనుకోండి. అడుగు భాగం నల్లబడి లోపలికి కుంగిన టమాటాల ఫొటో మీ దగ్గర ఉంది. తొందరలో రాసే క్యాప్షన్ ఇలా ఉంటుంది: 'అయ్యో, మా టమాటాలు చూడండి! మీకూ ఇలా జరిగిందా? అవును లేదా కాదు అని చెప్పండి.' యాభై 'అవును'లు వచ్చినా మీ మొక్క స్థితి మారదు.

క్యాప్షన్ రాసే ముందు, వెతికితే దొరికే సంగతేదో, మనుషుల దగ్గర మాత్రమే దొరికేదేదో విడదీయాలి. టమాటా అడుగు నల్లబడడానికి కారణం ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. కాయ చివరి భాగానికి కాల్షియం తగినంత అందకపోవడం వల్ల అలా అవుతుంది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉన్నా, మట్టి ఒకసారి ఎండి మరోసారి తడవడం వల్ల నీటితోపాటు అది కాయ దాకా చేరదు. ఇంతవరకు గ్రూపును అడగవలసిన పని లేదు. పగలంతా ఇంట్లో ఉండని మనిషి చిన్న కుండీలో తడిని సాయంత్రం దాకా ఎలా నిలుపుకోవాలన్నది మాత్రం, అలా నిలుపుకుంటున్నవారు చెప్పవలసిందే. మన ప్రశ్న అక్కడ ఉంది. దాన్ని ముందే రాసిపెట్టుకుని, జవాబిచ్చేవారికి ఏ వివరాలు కావాలో ఆలోచిస్తూ మిగతా క్యాప్షన్‌ను వెనక్కి రాసుకుంటూ వస్తే ఇలా తయారవుతుంది:

'మొదటి గుత్తిలో నాలుగు టమాటాల అడుగు నల్లబడింది. ఇది పురుగు వల్ల వచ్చింది కాదు, మట్టి ఎండుతూ తడుస్తూ ఉండడంతో కాయ చివరికి కాల్షియం అందక వచ్చింది. మా కుండీ పన్నెండు అంగుళాల వెడల్పు ఉంటుంది. ఉదయం ఏడింటికి నీళ్లు పోసి వెళ్తే, సాయంత్రం ఆరింటికి వచ్చేసరికి మట్టి పొడిబారి ఉంటోంది. పగలంతా ఇంట్లో ఉండనివారు కుండీలో తడి సాయంత్రం దాకా నిలవడానికి ఏం చేస్తున్నారు?'

ఇందులో మొదటి వాక్యానికి ఒక ప్రత్యేకమైన పని ఉంది. ఇన్‌స్టాగ్రామ్ వంటి చోట్ల పొడవైన క్యాప్షన్‌లో మొదటి ఒకటి రెండు వరుసలే కనబడి మిగతాది మడతలో ఉండిపోతుంది. అంటే చివరి ప్రశ్న మడత విప్పినవారికే చేరుతుంది. అందుకని విషయం ఏమిటో మొదటి వాక్యంలోనే సూటిగా చెప్పాలి. 'చివర ఒక ప్రశ్న ఉంది, తప్పక చదవండి' అని ఊరించడం మళ్లీ ఎరే అవుతుంది. రెండో వాక్యం కారణం మనకు తెలుసని చెబుతుంది కాబట్టి, 'ఇది పురుగు, మందు కొట్టండి' అనే కామెంట్లు తగ్గుతాయి. కుండీ వెడల్పు, రెండు వేళలు జవాబిచ్చేవారు తమ పరిస్థితితో పోల్చుకోవడానికి ఇచ్చిన కొలతలు. చివరి ప్రశ్న ఎవరిని అడుగుతున్నామో చెబుతుంది. ఇంట్లోనే ఉండేవారు జవాబివ్వకపోవచ్చు, కామెంట్లు తగ్గవచ్చు. ఆ తగ్గుదలను నేను నష్టంగా లెక్కించను.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఇలాంటి క్యాప్షన్ చివరనే ఒకసారి 'మట్టిలో సున్నం కలపవచ్చా?' అని రెండో ప్రశ్న చేర్చాను. వచ్చిన కామెంట్లలో దాదాపు అన్నీ సున్నం గురించే వచ్చాయి, ఎందుకంటే దానికి 'కలపవచ్చు', 'వద్దు' అని ఒక్క మాటలో జవాబివ్వవచ్చు. రెండు ప్రశ్నలుంటే మనిషి చేయి తేలికైనదాని మీదికే పోతుంది, మనకు కావలసినది ఒంటరిగా మిగిలిపోతుంది. అప్పటినుంచి ఒక క్యాప్షన్‌కు ఒకే ప్రశ్న అన్న నియమాన్ని నేను తప్పలేదు.

ప్రశ్న పనిచేసిందో లేదో సంఖ్య చూస్తే తెలియదు, కామెంట్లను చదివితే తెలుస్తుంది. క్యాప్షన్‌లో లేని కొత్త సంగతి వచ్చిందా? 'మట్టి మీద ఎండుటాకులు రెండంగుళాల మందాన పరిచాను' అన్న ఒక్క కామెంట్ ఎమోజీల వరుసకన్నా ఎంతో విలువైనది. సభ్యులు మీతోనే కాక ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా? 'ఎండుటాకుల కింద చీమలు చేరలేదా?' అని మరొకరు అడిగారంటే ప్రశ్న సరైన చోట తగిలినట్టే. అన్నీ ఒకే మాట మీద ఉంటే, జవాబు ముందే తెలిసిన ప్రశ్న అడిగామని గ్రహించాలి.

అడిగినవారి పని అక్కడితో ముగియదు. వచ్చిన జవాబులకు 'ధన్యవాదాలు' అని వరుసగా అంటించడం కన్నా, ఇద్దరు ముగ్గురిని వివరం అడగడం మేలు: ఎండుటాకులు ఎన్నాళ్లకు మార్చారు, కుండీ ఎంత లోతు? ఆ తర్వాత ఒక పద్ధతిని ఎంచుకుని, ఏది ఎంచుకున్నారో అక్కడే చెప్పాలి. ఈ ఉదాహరణలో ఫలితానికి కొన్ని వారాలు ఆగక తప్పదు. నల్లబడిన కాయ మళ్లీ బాగుపడదు, కొత్తగా కట్టిన పిందెలు పెరిగితేనే తేడా తెలుస్తుంది. అవి పెరిగాక ఫొటో తీసి, ఎండుటాకుల సలహా ఇచ్చిన సభ్యుణ్ణి ప్రస్తావించి, ఎన్ని కాయలు బాగున్నాయో, ఇంకా ఎన్ని నల్లబడ్డాయో ఉన్నదున్నట్టు రాయండి. ఆ రెండో క్యాప్షన్ చివర ప్రశ్న అక్కర్లేదు, ఆ రోజుకు మీరు అడగవలసింది ఏమీ ఉండదు.