ప్యాచ్ వచ్చిన రెండేండ్లకు ఒక ఆఫీసులో దొరికిన వార్మ్

సభకు నమస్కారం. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆఫీసుల్లో కంప్యూటర్ల బాగోగులు చూసే మీ ముందు నేను ఒకే ఒక్క విషయం మాట్లాడదలచుకున్నాను. ఫైళ్లు పంచుకునే పద్ధతిలోని ఒక లోపానికి మందు దొరికిన తరువాత కూడా, ఆ లోపం మీదనే బతుకుతూ యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకే వార్మ్ మన నెట్‌వర్క్‌లలో ఏండ్ల తరబడి ఎట్లా నిలిచిందన్నదే ఆ విషయం.

విండోస్‌లో ఒక యంత్రంలోని ఫోల్డర్‌ను మరో యంత్రం తెరవడానికి వాడే పద్ధతిని ఎస్‌ఎంబీ అంటారు. అది 445 నంబరు పోర్టు మీద నడుస్తుంది. దాని పాత రూపమైన ఎస్‌ఎంబీ వన్‌లోని లోపాన్ని సవరిస్తూ మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న MS17-010 అనే ప్యాచ్ విడుదల చేసింది. సరిగ్గా నెలకు, ఏప్రిల్ 14న, ఆ లోపాన్ని వాడుకునే ఎటర్నల్‌బ్లూ అనే ఆయుధం ఇంటర్నెట్‌లో బయటపడింది. మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే వార్మ్ దాన్ని మోసుకొని ప్రపంచం మీద పడింది. అంటే దాడి నాటికి ప్యాచ్ వచ్చి రెండు నెలలు కావస్తోంది.

ఆ లోపం ఎంత చిన్నదో దగ్గరగా చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఒక ఫైలుకు జతచేసే అదనపు వివరాల జాబితాను ఎస్‌ఎంబీ సర్వర్ అందుకున్నప్పుడు, అందులో చెల్లని భాగాన్ని వదిలేసి జాబితా పొడవును తగ్గించి రాసుకోవాలి. పొడవును రాసే గడి 32 బిట్లది. కానీ తగ్గించిన విలువను రాసేటప్పుడు ప్రోగ్రాము కింది 16 బిట్లను మాత్రమే మార్చి, పై సగాన్ని పాతదే ఉంచేసింది. దాడి చేసేవాడు 65,536 బైట్ల జాబితా అని చెప్పి పంపిస్తాడు. అది 65,373కు తగ్గాల్సింది పోయి, పైనున్న ఒకటి అట్లాగే మిగిలిపోవడంతో 1,30,909 అవుతుంది. చెల్లే భాగానికి సరిపడా మాత్రమే కేటాయించిన జాగాలోకి అంతకు మించిన సమాచారం వచ్చి పడుతుంది, పక్కనున్న జాగాను తుడిచేస్తుంది. ఇదంతా విండోస్ గుండెకాయలో నడిచే srv.sys లో జరుగుతుంది. వచ్చినవాడికి యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఏవీ అక్కరలేదు. మెయిల్ తెరవనక్కరలేదు, ఎవరూ దేని మీదా నొక్కనక్కరలేదు. యంత్రం ఆన్‌లో ఉండి, 445 పలికితే చాలు.

ఇక నేను చూసిన ఆఫీసు సంగతి చెబుతాను. 2019 వానాకాలం ధాన్యం కొనుగోళ్ల రోజులవి. నల్లగొండ దగ్గరి ఒక ఆఫీసులో, పేరు అవసరం లేదు, పద్నాలుగు కంప్యూటర్లు ఒకే స్విచ్‌కు కట్టి ఉన్నాయి. రెండింటికి మాత్రమే ఇంటర్నెట్ ఉంది. వేబ్రిడ్జి తూకాలు తీసుకునే యంత్రం విండోస్ ఎక్స్‌పీతో నడిచేది, మిగిలినవన్నీ విండోస్ సెవెన్. ఆ వేబ్రిడ్జి యంత్రం రోజుకు రెండు మూడు సార్లు నీలి తెర చూపించి ఆగిపోతోంది, బయట ట్రాక్టర్లు బారులు తీరుతున్నాయి. పొద్దున ఆఫీసు తెరవగానే ఒకసారి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మరోసారి ఆగుతోంది కాబట్టి, అందరూ వోల్టేజీ మీదనే నెపం పెట్టారు. స్టెబిలైజర్ మార్చారు, ర్యామ్ మార్చారు, ఫలితం లేదు.

కరెంటుకూ ఆ నీలి తెరకూ నిజంగానే సంబంధం ఉంది, కానీ వాళ్లనుకున్న తీరున కాదు. వానాక్రై వార్మ్ ఒక సర్వీసుగా కుదురుకొని, యంత్రం మొదలైన ప్రతిసారీ తన లోకల్ నెట్‌వర్క్‌లోని చిరునామాలన్నింటినీ 445 మీద తడుతుంది. కరెంటు రాగానే అన్ని కంప్యూటర్లూ ఒకేసారి లేస్తాయి, వాటిలో దాగి ఉన్న వార్మ్ కూడా లేస్తుంది. ఎటర్నల్‌బ్లూ తాకిడికి ఎక్స్‌పీ యంత్రాలు చాలావరకు సోకడానికి బదులు కుప్పకూలేవి. అందుకే జబ్బు విండోస్ సెవెన్ యంత్రాల్లో ఉంటే నొప్పి ఎక్స్‌పీ యంత్రంలో కనిపించింది.

అనుమానం వచ్చి, ఒక విండోస్ సెవెన్ యంత్రాన్ని రీస్టార్ట్ చేసి వెంటనే ఈ ఆదేశం ఇచ్చాను:

```
netstat -ano | findstr :445
```

అసలు లేని చిరునామాలకు కూడా SYN_SENT అంటూ వరుసలు తెర నిండా పారాయి. వరుస చివరనున్న ప్రాసెస్ నంబరుతో వెతికితే mssecsvc.exe దొరికింది, సర్వీసుల జాబితాలో mssecsvc2.0 కనిపించింది. ఒక్క ఫైలు కూడా తాళం పడలేదు, డబ్బు అడిగే కిటికీ రాలేదు. దానికి కారణం, 2017 తరువాత తిరిగిన రూపాల్లో చాలావాటిలో ఫైళ్లకు తాళం వేసే భాగం చెడిపోయి, వ్యాపించే భాగం మాత్రమే పనిచేస్తుండడం. అడిగేవాడు లేడు కాబట్టి ఎవరూ గమనించలేదు.

కిల్ స్విచ్ ఉండగా ఇదెట్లా బతికిందని మీరు అడగవచ్చు. అసలు రూపం మొదలవగానే ఒక వింత డొమైన్ పేరును పిలిచి, జవాబు వస్తే ఆగిపోయేది. 2017 మేలో ఒక పరిశోధకుడు ఆ పేరును నమోదు చేయడంతో దాడి వేగం పడిపోయింది. కానీ ఇంటర్నెట్ లేని యంత్రానికి, లేదా ప్రాక్సీ గుండా మాత్రమే బయటికి వెళ్లగల యంత్రానికి ఆ జవాబు అందదు. భద్రత కోసమని ఇంటర్నెట్ తీసేసిన ఆఫీసు యంత్రాల మీదనే ఆ రక్షణ పనిచేయలేదన్నమాట. పైగా ఆ స్విచ్‌ను తీసేసిన రూపాలూ తరువాత వచ్చాయి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మరో సంగతి. ఆ ఆఫీసుకు వచ్చే టెక్నీషియన్ నిజాయితీగా, కష్టపడి ఏడాదిలో నాలుగైదు యంత్రాలు ఫార్మాట్ చేశాడు. ఆయన దగ్గరున్నది 2011 నాటి సర్వీస్ ప్యాక్ వన్ డీవీడీ. ఫార్మాట్ చేసిన ప్రతిసారీ యంత్రం 2011కు తిరిగిపోయేది. నెట్‌వర్క్ కేబుల్ పెట్టి ప్రింటర్ డ్రైవర్ ఎక్కించే లోపలే పక్క యంత్రం నుంచి వార్మ్ మళ్లీ వచ్చి చేరేది. యాంటీవైరస్ ఒకచోట తుడిస్తే మరోచోటి నుంచి వచ్చేది. రోగిని బాగుచేసి అదే వార్డులో పడుకోబెట్టినట్టయింది.

కాబట్టి మేము ఒక ఆదివారం పొద్దున స్విచ్ నుంచి కేబుళ్లన్నీ పీకేశాము. బయట దించుకున్న ప్యాచ్‌లను, రాత నిలిపే మీట ఉన్న పెన్‌డ్రైవ్‌లో తెచ్చాము: విండోస్ సెవెన్‌కు KB4012212, ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ దాడి తరువాత ప్రత్యేకంగా ఇచ్చిన KB4012598. ఎక్కించడంతో పని తీరదు. పాత srv.sys మెమరీలో నడుస్తూనే ఉంటుంది కాబట్టి రీస్టార్ట్ చేసేదాకా లోపం తెరిచే ఉంటుంది, "తరువాత రీస్టార్ట్" అని నొక్కి సాయంత్రం దాకా పనిచేసుకునే అలవాటు ఇక్కడే ముంచుతుంది. KB నంబరు జాబితాలో లేనంత మాత్రాన ప్యాచ్ లేదనుకోకూడదు, తరువాతి నెలల రోలప్‌లు దాన్ని తమలో కలుపుకున్నాయి. నమ్మదగింది ఫైలు వెర్షన్, దాన్ని పవర్‌షెల్‌లో ఇట్లా చూడాలి:

```
(Get-Item C:\Windows\System32\drivers\srv.sys).VersionInfo
```

విండోస్ సెవెన్‌లో అది 6.1.7601.23689 లేదా అంతకు పైన ఉండాలి. ఎస్‌ఎంబీ వన్‌ను పూర్తిగా ఆపేయడం ఇంకా మేలు, కానీ అక్కడి జిరాక్స్ యంత్రం స్కాన్‌లను ఫోల్డర్‌కు పంపడానికి ఆ పాత భాష ఒక్కటే ఎరుగును. అందువల్ల ఒక్క యంత్రంలో దాన్ని ఉంచి, జిరాక్స్ చిరునామాకు తప్ప ఇంకెవరికీ 445 తెరవకుండా ఫైర్‌వాల్ కట్టాము. మిగిలిన అన్నింటిలో ఆపేశాము.

వేబ్రిడ్జి నిలబడింది. ఇరవై రోజుల తరువాత, ఒకటో తారీఖున, మళ్లీ 445 మీద తట్టిన జాడలు ఒక యంత్రం ఫైర్‌వాల్ లాగ్‌లో కనిపించాయి. వెతికితే స్టోర్ రూములో, పాత రిజిస్టర్ల వెనుక, జీతాల బిల్లు ప్రింటు తీయడానికి నెలకు ఒక్కసారి మాత్రమే ఆన్ చేసే పదిహేనో కంప్యూటర్ దొరికింది. మా లెక్కలో అది లేనే లేదు. దాని కేబుల్ అప్పుడే తీసేసి, ఫార్మాట్ చేసి, ప్యాచ్ ఎక్కించి, రీస్టార్ట్ చేసి, వెర్షన్ చూసుకున్నాకనే తిరిగి పెట్టాము.