టమాటా రేటు మారితే పాత వారం లెక్క కూడా మారిపోయింది: ఫుడ్ కాస్ట్ ఎక్సెల్ షీట్ రివ్యూ

నమస్కారమండీ. ఈ షీట్ తయారు చేసినవాళ్లు రివ్యూ కోసం ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. అందులో ఏమేం ఉన్నాయో వాళ్ల పేజీలో చూసే ఉంటారు, అవన్నీ మళ్లీ చదవను. మా కర్రీ పాయింట్‌లో ఆరు వారాలు వాడాక నాకు నచ్చింది ఏంటో, కోపం తెప్పించింది ఏంటో చెప్తాను.

రెసిపీ కార్డ్ చాలా బాగుంది. టమాటా పప్పు చూడండి. ఒక వంటకు 40 ప్యాకెట్లు, ప్యాకెట్‌కి 200 గ్రాములు. కందిపప్పు కిలోన్నర, 150 లెక్కన 225 రూపాయలు. తరిగిన టమాటా 3 కిలోలు. ముచ్చికలు, మెత్తబడ్డవి తీసేస్తే మాకు కిలోకి 900 గ్రాములే మిగులుతాయి కాబట్టి 3.33 కిలోలు కొనాలి. ఈ షీట్‌లో దానికి Yield అని విడిగా కాలమ్ ఉంది. నేను ఇంతకుముందు వాడిన షీట్‌లో అది లేదు, నోటుపుస్తకంలోనూ ఎప్పుడూ రాసుకోలేదు. టమాటా కిలో 30 ఉంటే 100 రూపాయలు, నూనె, పోపు, కారం అన్నీ కలిపి 55. మొత్తం 380, అంటే ప్యాకెట్‌కి తొమ్మిదిన్నర. మేం అమ్మేది 30కి.

నూనె దగ్గర మాత్రం జాగ్రత్త. టిన్ మీద 15 కిలోలని ఉందా, 15 లీటర్లని ఉందా చూసి కొట్టండి. 15 లీటర్ల నూనె తూకానికి సుమారు 13.65 కిలోలే వస్తుంది. కార్డులో ఎంఎల్ రాసి, రేటు షీట్‌లో కిలో రేటు పెడితే ప్రతి కూరలోనూ లెక్క కొంచెం తేడా వస్తుంది, పైకి కనబడదు.

ఇక నా కోపం. రేటు షీట్‌లో ఒక సరుకుకి ఒక్కటే వరస. టమాటా 30 నుంచి 120కి వెళ్లిన వారం నేను ఆ గడిలో 120 కొట్టాను. పప్పు ఖర్చు 680కి, ప్యాకెట్ 17 రూపాయలకు వెళ్లింది. అది సరే. కానీ అంతకుముందు వారాల షీట్లు తెరిస్తే వాటిలోనూ 17 రూపాయలే! నిజంగా అమ్మకం ధరలో 32 శాతం ఖర్చుతో నడిచిన వారాన్ని 57 శాతం అని చూపిస్తోంది. 2023 జులైలో టమాటా వంద దాటిన రోజులు గుర్తున్నాయి కదా, అలాంటప్పుడు ఏ వారంలో లాభం పోయిందో ఈ షీట్ చూసి చెప్పలేం.

అందుకే నేనే మార్చుకున్నాను. రేటు షీట్‌ని Ctrl+T కొట్టి టేబుల్ చేసి Rates అని పేరు పెట్టాను. పాత రేటు చెరపకుండా, కొన్న ప్రతిసారీ తేదీతో కింద కొత్త వరస. WeekEnd అనే పేరుతో ఒక గడిలో వారం చివరి తేదీ. కార్డుని కూడా అలాగే టేబుల్ చేశాను, దానిలో రేటు గడికి ఇది:

```
=XLOOKUP(1,(Rates[Item]=[@Item])*(Rates[Date]<=WeekEnd),Rates[Rate],"రేటు లేదు",0,-1)
```

చివర ఉన్న -1 వల్ల కింద నుంచి పైకి వెతుకుతుంది, ఆ తేదీ వరకు చివరగా కొన్న రేటు పట్టుకుంటుంది. తేదీలు వరసలో ఉండాలి. పాత వారం తేదీ కొడితే ఆ వారం రేటే వస్తుంది. ఎక్సెల్ 2019లో, అంతకు ముందు వాటిలో ఇది పని చేయదు. ఒకచోట టమాటా, ఇంకోచోట టమోటా అని రాస్తే "రేటు లేదు" అని వస్తుంది. మా తమ్ముడు అలాగే కొట్టాడు. Data Validation లిస్ట్ పెట్టాక ఆ బాధ లేదు.

అమ్మకాల షీట్ ముట్టుకోలేదు, బాగుంది. ఒక వారం అమ్మిన పప్పు, సాంబారు ప్యాకెట్ల లెక్కన కందిపప్పు 16 కిలోలు పట్టాలి. మా దగ్గర 5 కిలోలుండగా 15 కొన్నాం, చివరికి 2 మిగిలింది. అంటే 18 వాడాం. ఆ 2 కిలోలు ఎటు పోయాయని ప్యాకెట్లు తూచాను. 200 ఉండాల్సినవి 225 ఉన్నాయి. గరిటె మార్చాం, తర్వాతి వారం తేడా అర కిలోకి దిగింది. ఈ ఒక్క పేజీ కోసమే షీట్ నాకు ఎంతో ఇష్టం.

ఇప్పుడున్న రూపంలో డబ్బు పెట్టి కొనమని చెప్పను. వాళ్లు రేటు షీట్‌లో తేదీ కాలమ్ పెట్టిన రోజున నేనే డబ్బిచ్చి కొంటాను. ఇప్పటికే కొన్నవాళ్లు ముందు పాత బిల్లులు తీసి తేదీలతో రేట్లు ఎక్కించండి, ఆ తర్వాతే ఆ ఫార్ములా పెట్టండి.