ఎవ్రీవన్ ఈజా, ఎవ్రీవన్ ఆరా?

శ్రోతలందరికీ నమస్కారం. ఆఫీసు గ్రూపుల్లో తరచూ కనిపించే మెసేజ్ లాంటిది ఒకటి చదువుతాను, వినండి. "ఎవ్రీవన్ ఆర్ రిక్వెస్టెడ్ టు కమ్ బై నైన్. స్టాఫ్స్ ఆర్ వెయిటింగ్. ద న్యూస్ ఆర్ గుడ్." అందరూ తొమ్మిదింటికల్లా రండి, సిబ్బంది ఎదురుచూస్తున్నారు, మంచి కబురు ఉంది అని దీని భావం. భావం చక్కగానే అందింది. కానీ మూడు వాక్యాల్లోనూ వచనం తప్పింది. ఒక్కోచోట ఒక్కో కారణం.

మొదటి వాక్యంలోది మన తెలుగు నుంచే వచ్చిన తప్పు. తెలుగులో "అందరూ వచ్చారు" అంటాం. "ప్రతి ఒక్కరూ వచ్చారు" అన్నా క్రియ మారదు, అదే "వచ్చారు". ఎదుట పదిమంది మనుషులు ఉన్నారు కాబట్టి మన క్రియ బహువచనంలోకి వెళ్తుంది. ఆ అలవాటుతోనే ఎవ్రీవన్ పక్కన ఆర్ పెట్టేస్తాం. ఇంగ్లీషు మాత్రం ఆ గుంపును ఒక్కొక్కరిగా విడదీసి చూస్తుంది. ఎవ్రీ, వన్ అని ఆ మాటలోనే ఉంది. అందుకే ఎవ్రీవన్ ఈజ్, ఎవ్రీవన్ హ్యాజ్, ఎవ్రీవన్ నోస్. ఎవ్రీబడీకీ ఇదే పద్ధతి.

ఈ పొరపాటు అన్ని వాక్యాల్లోనూ బయటపడదు. "ఎవ్రీవన్ కేమ్" అంటే ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే కేమ్ ఏకవచనానికైనా బహువచనానికైనా ఒకటే. విల్, కెన్ వచ్చినా అంతే. ఈజ్–ఆర్, వాజ్–వర్, హ్యాజ్–హ్యావ్, ఇంకా నో–నోస్ లాంటి వర్తమాన కాలపు క్రియలు, ఈ నాలుగు చోట్లే జాగ్రత్త కావాలి. మధ్యలో ఇంకో బహువచనం దూరితే మరీ తేలిగ్గా పప్పులో కాలేస్తాం. "ఎవ్రీవన్ ఇన్ దీజ్ హౌజెస్" అనగానే, హౌజెస్ వినపడి నోటికి ఆర్ వచ్చేస్తుంది. క్రియ చూడాల్సింది హౌజెస్ వైపు కాదు, ఎవ్రీవన్ వైపు. కాబట్టి అక్కడా ఈజే.

మరి "ఎవ్రీవన్ హ్యాజ్ బ్రాట్ దెయిర్ లంచ్" అన్నప్పుడు హ్యాజ్ పక్కన దెయిర్ ఎలా కుదిరింది? కుదురుతుంది. ఆడో మగో చెప్పనవసరం లేని చోట దెయిర్ వాడటం ఇంగ్లీషులో చాలాకాలంగా ఉన్న పద్ధతే. క్రియ ఏకవచనంలో, సర్వనామం దే, దెయిర్ రూపంలో ఉండొచ్చు. పిల్లలు ఇలా రాస్తే తప్పని కొట్టేయకండి.

న్యూస్ సంగతి వేరు. చివర ఎస్ ఉంది, పైగా తెలుగులో "వార్తలు" అంటాం. రెండూ కలిసి మనల్ని ఆర్ వైపు లాగుతాయి. మనం "పాలు విరిగాయి" అంటాం కదా, అయినా ఇంగ్లీషులో మిల్క్ ఆర్ అనేవాళ్లు తక్కువే, ఎందుకంటే మిల్క్ చివర ఎస్ లేదు. అంటే న్యూస్ దగ్గర మోసం చేసేది ఆ ఎస్సే. పాత ఇంగ్లీషు రచనల్లో న్యూస్‌ను బహువచనంగా వాడినవాళ్లూ ఉన్నారు గానీ ఇప్పుడది ఏకవచనమే: ద న్యూస్ ఈజ్ గుడ్. ఒక్క వార్త అని చెప్పాలంటే ఎ న్యూస్ కాదు, ఎ పీస్ ఆఫ్ న్యూస్.

స్టాఫ్ దగ్గర మాత్రం మన తెలుగు మనకు సాయం చేస్తుంది. "సిబ్బంది వచ్చారు" అంటాం, "సిబ్బందులు" అనం. స్టాఫ్ కూడా అంతే. ఉద్యోగులంతా అనే అర్థంలో స్టాఫ్స్ అనక్కర్లేదు. బ్రిటిష్ ఇంగ్లీషులో మనుషులుగా చూసినప్పుడు స్టాఫ్ ఆర్ అంటారు, బృందంగా చూస్తే స్టాఫ్ ఈజ్ అనీ అంటారు. అమెరికాలో ఎక్కువగా ఈజే వినిపిస్తుంది. ఏది ఎంచుకున్నా ఒకే ఉత్తరంలో చివరిదాకా అదే ఉంచాలి. ఒక్క ఉద్యోగి గురించైతే ఎ స్టాఫ్ అనకూడదు, ఎ స్టాఫ్ మెంబర్ అనాలి. ఇద్దరైతే టూ స్టాఫ్ మెంబర్స్.

ఇప్పుడు ఆ మెసేజ్‌ను సరిచేద్దాం. "ఎవ్రీవన్ ఈజ్ రిక్వెస్టెడ్ టు కమ్ బై నైన్. ద స్టాఫ్ ఆర్ వెయిటింగ్. ద న్యూస్ ఈజ్ గుడ్."

ఇక డేటా. లాటిన్‌లో డేటమ్‌కు అది బహువచనం, అందుకే పరిశోధన పత్రాల్లో ద డేటా ఆర్ అని రాసేవాళ్లు ఇప్పటికీ చాలామంది. మామూలు మాటల్లో డేటా ఈజ్ స్థిరపడిపోయింది. ఫోన్లో "డేటా అయిపోయింది" అన్నట్టే ఇంగ్లీషులోనూ మై డేటా ఈజ్ ఫినిష్డ్ అనొచ్చు. పత్రికకు పరిశోధన వ్యాసం పంపేవాళ్లు మాత్రం ఆ పత్రిక ఏ పద్ధతి పాటిస్తోందో ముందు చూసుకోండి. డేటాస్ అనే మాట మాత్రం రెండు చోట్లా పనికిరాదు.