కోనుకు మూత ఉండదు

వేదికపైనున్న పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం. డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు కనుక ఆయన గురించి మాట్లాడమని నన్ను హనుమకొండకు పిలిచారు. కానీ ఒక విద్యార్థినికి నేను చాలా ఏళ్లుగా ఒక మార్కు బాకీ ఉన్నాను. ఈ రోజు ఆ బాకీ గురించే చెప్పుకుంటాను.

పదో తరగతి క్షేత్రమితిలో మీరు చేసే లెక్కే అది. శంకువు ఆకారపు బిస్కెట్ కోను, దానిపై అర్ధగోళంగా ఐస్‌క్రీమ్. రెండింటి వ్యాసార్థం 3.5 సెం.మీ., మొత్తం ఎత్తు 15.5 సెం.మీ. ఐస్‌క్రీమ్ కోను నిండా ఉందనుకొని మొత్తం ఘనపరిమాణం, బిస్కెట్ వైశాల్యం కనుక్కోవాలి.

తొందరపడే పిల్లలు మొదటి అడుగులోనే 15.5ను శంకువు ఎత్తుగా తీసుకుంటారు. పైనున్న అర్ధగోళం ఎత్తు దాని వ్యాసార్థమే కాబట్టి, 3.5 తీసేస్తే శంకువు ఎత్తు 12 అవుతుంది. π విలువ 22/7గా తీసుకుంటే శంకువు ఘనపరిమాణం 154, అర్ధగోళానిది దాదాపు 89.83, మొత్తం 243.83 ఘన సెం.మీ. 12కు బదులు 15.5 వేసినవారికి ఇది 288.75 అవుతుంది.

అసలు చిక్కు బిస్కెట్ దగ్గర వస్తుంది. శంకువూ అర్ధగోళమూ కలిసే చోట ఒక వృత్తం ఉంది. ఘనపరిమాణంలో దానితో పని లేదు, రెండింటినీ కూడితే చాలు. వైశాల్యంలో మాత్రం అది ఆశపెడుతుంది, ఎందుకంటే శంకువు సంపూర్ణతల వైశాల్యం అనే సూత్రంలో ఆ వృత్తం కూడా కలిసి ఉంటుంది. ఆ ఏడాది జవాబు పత్రాలు దిద్దడానికి మాకిచ్చిన కీలో ఆ సూత్రమే వాడి, 176 అని వేశారు. ఒక అమ్మాయి 137.5 వేసి, పక్కన చిన్న అక్షరాలతో "కోనుకు మూత ఉండదు" అని రాసింది. నేను ఆ మాట చదివాను, చదివి కూడా కీ ప్రకారమే మార్కు తగ్గించాను.

ఆ అమ్మాయి చేసింది చూడండి. 3.5, 12 వర్గాల మొత్తం 156.25, దాని వర్గమూలం 12.5, అది ఏటవాలు ఎత్తు. 22/7 × 3.5 × 12.5 = 137.5 చదరపు సెం.మీ. కీలోని 176కూ దీనికీ తేడా 38.5 ఉంది చూశారా, అది ఎవరూ తయారు చేయని, ఎవరూ తినని మూత వైశాల్యం.

నమ్మకం లేకపోతే, ఇందాక మీకు పంచిన కాగితపు కోనులను తీయండి. పల్లీలు కట్టిచ్చే పొట్లం లాంటివే, ఇవే కొలతలతో చేయించాను. అంటించిన చోట మెల్లగా విప్పండి, చింపవద్దు. పరిస్తే 12.5 సెం.మీ. వ్యాసార్థం గల సెక్టారు కనిపిస్తుంది. కోను నోటి చుట్టుకొలతే దాని వంపు అంచు, అంటే 22 సెం.మీ. సెక్టారు వైశాల్యం వ్యాసార్థాన్నీ చాపాన్నీ గుణించి సగం చేసినంత: 12.5 × 22 ÷ 2. వెనుక బెంచీలోని పిల్లలు గట్టిగా చెప్పండి, ఎంత వచ్చింది?