చిన్న స్లాబుకు రెడీమిక్సా, మిల్లరా?

ఇల్లు కట్టుకుంటున్న యజమానులకు, మేస్త్రీలకు, కొత్తగా సైటు బాధ్యత తీసుకున్న ఇంజనీర్లకు నమస్కారం. ఏడు వందల చదరపు అడుగుల ఇంటికి రెడీమిక్స్ తెప్పించుకోవాలా, సైటులోనే మిల్లర్ పెట్టి కలుపుకోవాలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఏది గట్టిది అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది గానీ, నా అనుభవంలో చిన్న స్లాబు చెడిపోయేది చాలావరకు లెక్క తప్పినందువల్ల, రెండో బండి వేళకు రానందువల్ల, చేతులు చాలనందువల్ల. అందుకని ఈరోజు ఒకే ఒక స్లాబును తీసుకుని మాట్లాడతాను.

ఆ స్లాబు ఖమ్మం శివార్లలోనిది. కొలత 30 అడుగులకు 26 అడుగులు, మందం 5 అంగుళాలు. మెట్ల కోసం వదిలిన 60 చదరపు అడుగులు తీసేస్తే మిగిలేది 720. దాన్ని మందంతో గుణిస్తే 300 ఘనపుటడుగులు, అంటే ఎనిమిదిన్నర ఘనపు మీటర్లు. నేను అప్పట్లో ఆ లెక్కకు మరో అర మీటరు కలిపి రెడీమిక్స్ ప్లాంటుకు తొమ్మిది మీటర్లు చెప్పాను. స్లాబు కింద దిగి ఉన్న బీములను లెక్కలోకి తీసుకోలేదు. బీములు మొత్తం 150 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, స్లాబు అడుగు నుండి 10 అంగుళాల లోతు. అవి ఒక్కటే దాదాపు 94 ఘనపుటడుగులు, అంటే మరో 2.65 ఘనపు మీటర్లు. తొమ్మిది మీటర్లు అయిపోయేసరికి ఒక గది పైభాగం పూర్తిగా ఖాళీగా ఉంది. ఫోను చేస్తే, ప్లాంటులో వేరే సైటు బండ్లు వరుసలో ఉన్నాయని, రెండు గంటలు పడుతుందని చెప్పారు. ఏప్రిల్ ఎండలో రెండు గంటలు! వేసిన కాంక్రీటు అంచు బిగుసుకుపోయింది, తరువాత వేసినది దానికి సరిగా అతకలేదు. మొదటి వానకే ఆ గీత వెంట చెమ్మ దిగింది. ఆ యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు ప్లాంటుది కాదు, నాది.

సరైన లెక్కకు స్లాబు, బీములు కలిపితే 394 ఘనపుటడుగులు, అంటే 11.15 ఘనపు మీటర్లు. అక్కడితో ఆగకూడదు. సెంట్రింగ్ పలకలు బరువుకు కొంత కుంగుతాయి, మట్టం చేసేటప్పుడు అక్కడక్కడ మందం పెరుగుతుంది. ఈ విస్తీర్ణంలో సగటున అర అంగుళం పెరిగినా మరో 0.85 మీటరు పోతుంది. కాబట్టి లెక్కకు కేవలం ఐదు శాతం కలిపితే చాలదు. కాంక్రీటు వేసే ముందు రోజు దారం కట్టి, పది పన్నెండు చోట్ల దారం నుండి పలకకు నిజంగా ఎంత లోతు ఉందో కొలిచి, ఆ సగటుతో లెక్క వేయాలి. కాంక్రీటును స్లాబు పైకి పంపే పైపు సంగతి చాలామందికి తట్టదు. అయిదంగుళాల పంపు లైను 40 మీటర్ల పొడవు ఉంటే అందులోనే దాదాపు అర ఘనపు మీటరు నిలిచిపోతుంది. అన్నీ కలిపితే పన్నెండున్నర మీటర్లు అడగాలి. మిగిలితే పోసుకోవడానికి ప్రహరీ పునాది బెడ్డు వంటి చోటొకటి ముందే సిద్ధంగా ఉంచుకోవాలి.

ఇక వేళ సంగతి. రెడీమిక్స్‌కు సంబంధించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 4926 ప్రకారం, ప్లాంటులో బండి నింపినప్పటి నుండి రెండు గంటల్లో కాంక్రీటు దింపేయాలి. బండితో వచ్చే చలానాలో నింపిన సమయం ఉంటుంది, ముందు దాన్నే చూడండి. పన్నెండున్నర మీటర్లకు రెండు బండ్లు కావాలి, మొదటిది 6, రెండోది ఆరున్నర. కనుక ఏడు మీటర్లు పట్టే బండి ఉందో లేదో ముందే అడగాలి. రెండూ ఒకేసారి పంపితే రెండోది గుమ్మం ముందే వేడెక్కుతుంది, అప్పుడు డ్రైవరో కూలీలో పైపుతో నీళ్లు పోస్తారు. ఆ నీళ్లే స్లాబు బలాన్ని తీసేస్తాయి. నేను పాటించే పద్ధతి ఇది: మొదటి బండి సగం దిగగానే ఎంత మేర నిండిందో కొలిచి, రెండో బండి పరిమాణాన్ని అప్పుడు ఖాయం చేసి, నింపమని చెబుతాను. ఇలా చేస్తానని ముందు రోజే ప్లాంటు వాళ్లతో మాట్లాడుకుని ఉండాలి. ప్లాంటు అరగంట దూరంలో ఉంటే రెండు బండ్ల మధ్య ముప్పావు గంటకు మించి వ్యవధి రాదు. ఆ వ్యవధిలో పంపు హాపరును పూర్తిగా ఖాళీ చేయక, కొన్ని నిమిషాలకొకసారి పంపును ఆడిస్తూ ఉండాలి, లేకపోతే లైను బిగుస్తుంది. మొదట లైనులో పోసే సిమెంటు పాలను స్లాబులో వదలకుండా పక్కన పారబోయించండి.

పరిమాణం మీద అనుమానముంటే బండిని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి వేబ్రిడ్జి మీద తూచండి. ఘనపు మీటరు దాదాపు 2,400 కిలోలు, ఆరు మీటర్లకు 14.4 టన్నులు రావాలి. దారిలో మురికికాలువ మీది పలక ఆ బండి బరువును మోస్తుందో, కరెంటు తీగలు ఎంత ఎత్తున ఉన్నాయో వారం ముందే చూసుకోవాలి.

రెడీమిక్స్‌తో మనుషులు తగ్గుతారు గానీ, తగ్గిన వాళ్లకు తీరిక ఉండదు. ఆరు మీటర్లు ముప్పావు గంటలో పైకి వచ్చిపడతాయి. పైపు మూతి పట్టడానికి ముగ్గురు, వైబ్రేటరుకు ఇద్దరు, పట్టీతో మట్టం చేయడానికి ముగ్గురు, కదిలిన ఇనుమును, కవర్ బ్లాకులను సరిచేయడానికి ఒక బార్‌బెండరు, స్లాబు కింద తిరుగుతూ ఊతకర్రలను, కారే సందులను చూసే సెంట్రింగ్ మనిషి ఒకరు, ఇలా పదిమంది ఉండాలి. వైబ్రేటరు రెండోది పక్కన ఉండితీరాలి. కింద చూసే మనిషిని మాత్రం ఎప్పుడూ తగ్గించకండి, ఒక్క ఊతకర్ర జారినా ముందు తెలిసేది అతనికే.

అదే స్లాబును మిల్లరుతో వేస్తే పన్నెండు మీటర్లకు దాదాపు 95 బస్తాల సిమెంటు, అంటే బస్తాకొకటి చొప్పున 95 కలపకాలు. గంటకు పదిహేను తీసినా ఆరున్నర గంటలు, పాతికమంది మనుషులు. పొద్దున వేసిన కలపకం చక్కగానే ఉంటుంది, మధ్యాహ్నం అలసిపోయిన చేతులు పలుచన కోసం నీళ్లు పెంచుతాయి. ఇసుక తడిగా ఉంటే ఉబ్బి, తట్ట నిండినట్టు కనిపిస్తూనే అసలు ఇసుక తక్కువ పడుతుంది. అందుకని మిల్లరు దగ్గర తట్టల లెక్క వదిలి కొలత పెట్టెలు వాడండి, బస్తాకు ఇసుక తడితో కలిపి 27 లీటర్ల నీరు దాటనివ్వకండి, ఆ నీటి డబ్బాను ఒకే మనిషికి అప్పగించండి. నాలుగైదు మీటర్లలోపు పని అయినా, ప్లాంటు గంటకు మించిన దూరంలో ఉన్నా, సందులోకి బండి రాకపోయినా నేనూ మిల్లరునే ఎంచుకుంటాను. చిన్న పరిమాణానికి పంపు కనీస అద్దె భారం అవుతుంది, దూరానికి ఎండ తోడవుతుంది. ఖమ్మం స్లాబు వంటిదానికి మాత్రం రెడీమిక్సే నా సలహా.

ఏ పద్ధతి ఎంచుకున్నా, స్లాబు పొడవున సరిపడే ఒక చెక్క పట్టీని పైన సిద్ధంగా ఉంచండి. బండి చెడిపోయినా, మిల్లరు ఆగినా, పని ఎక్కడపడితే అక్కడ ఆపకూడదు. రెండు బీముల మధ్య దూరాన్ని మూడు భాగాలు చేస్తే, నడిమి భాగంలో, ఆ పట్టీకి ఆనించి, నిటారుగా అంచు తీసి ఆపాలి. మర్నాడు ఆ అంచును కంకర కనబడేలా గరుకుగా చెక్కి, కడిగి, తడిపి, సిమెంటు పాలు పూసి, ఆ పాలు ఆరకముందే మిగతాది వేయాలి.